సిబ్బందికి ఫోన్లు కొనిస్తున్నారా? డబ్బా తెరిచిన మొదటి పది నిమిషాల్లోనే అసలు పనంతా

మా బావకి రాజమండ్రిలో సబ్బులు, నూనెలు, బిస్కెట్ల ఏజెన్సీ ఉంది. తొమ్మిది మంది సేల్స్‌మెన్. కడియం, అనపర్తి, రావులపాలెం, కొవ్వూరు, ఇలా ఎవరి లైన్ వాళ్ళది. ఆర్డర్లు కాగితం మీద రాసుకొచ్చే గొడవ వదిలించుకుందామని మూడేళ్ళ కిందట అందరికీ తలా ఒక ఆండ్రాయిడ్ ఫోన్ కొని, "సెటప్ మీరే చేసుకోండి" అని డబ్బాలు చేతిలో పెట్టాడు. వాళ్ళు చేసుకున్నారు, ఎవరి సొంత జీమెయిల్‌తో వాళ్ళు.

ఏడాది తిరక్కుండా ఒకతను మానేశాడు. ఫోన్, ఛార్జర్ బుద్ధిగా తిరిగిచ్చాడు కానీ పిన్ చెప్పలేదు, మనమూ అడగలేదు. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తడు. కౌంటర్లో ఉండే కుర్రాడు తెలివి చూపించి పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి రికవరీలోకి వెళ్ళి మొత్తం చెరిపేశాడు. ఫోన్ కొత్తదానిలా లేచింది, వైఫై అడిగింది, ఆ తర్వాత "ఇంతకుముందు ఈ ఫోన్‌లో ఉన్న గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి" అని ఆగిపోయింది. దీన్ని ఎఫ్‌ఆర్‌పీ లాక్ అంటారు. దొంగలకు ఫోన్ పనికిరాకుండా చేయడానికి గూగుల్ పెట్టినది, ఇక్కడ ఓనర్‌కే పనికిరాకుండా పోయింది. బిల్లు బావ పేరు మీదే, డబ్బూ బావదే, కానీ ఫోన్ దృష్టిలో యజమాని ఆ మానేసిన అబ్బాయి.

బావ నాకు ఫోన్ చేసి మొదట అడిగింది "సేల్స్‌మెన్ ఎక్కడున్నారో కనిపించే యాప్ ఏదైనా ఉందా" అని. చాలామంది ఎండీఎం అంటే అదే అనుకుంటారు, అంటే మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ అంటే నిఘా అని. అది చివరి విషయం. ముందు తేల్చాల్సింది ఒక్కటే: ఫోన్ మొదటిసారి ఆన్ అయినప్పుడు తన యజమాని ఎవరని రాసుకుంటోంది? ఆ ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతావన్నీ కన్సోల్‌లో టిక్కులు పెట్టుకోవడమే. నేను ఆండ్రాయిడ్ ఫోన్ల గురించే చెప్తున్నాను, మన దగ్గర సిబ్బందికి కొనిచ్చేవి ఎక్కువగా అవే కాబట్టి.

ముందు తేల్చుకోవాల్సింది: ఫోన్ ఎవరిది?

ఆండ్రాయిడ్‌లో రెండు పద్ధతులున్నాయి. ఫోన్ మీరు కొనిచ్చినదైతే దాన్ని పూర్తిగా సంస్థ ఫోన్‌గా నమోదు చేస్తారు. ఏ యాప్‌లు ఉండాలి, ఫోన్ ఎవరు చెరపగలరు, అన్నీ మీ చేతిలో ఉంటాయి. ఇది కుదిరేది ఫోన్ కొత్తదిగా ఉన్నప్పుడు, లేదా పూర్తిగా చెరిపిన తర్వాత మొదటి సెటప్‌లో మాత్రమే. సగం వాడిన ఫోన్‌ని మధ్యలో ఇలా మార్చడం కుదరదు.

ఫోన్ ఉద్యోగి సొంతదైతే వర్క్ ప్రొఫైల్ పెడతారు. అదే ఫోన్‌లో ఆఫీసు యాప్‌లకి ఒక వేరే గది కట్టినట్టు, ఆ యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. మనిషి మానేస్తే మీరు ఆ గదిని ఖాళీ చేయగలరు, అతని ఫోటోల జోలికి వెళ్ళలేరు, వెళ్ళకూడదు కూడా. "సొంత ఫోన్‌కి రీఛార్జ్ డబ్బులిస్తాం" అనే చోట ఇదే న్యాయం. సొంత ఫోన్ని పూర్తి సంస్థ ఫోన్‌గా మార్చమని అడిగే ఓనర్లు నాకు తగిలారు, నేను చేయను.

ఇక్కడినుంచి చెప్పేదంతా మొదటి పద్ధతి గురించే.

మొదటి మెట్టు: కొనడం, రాసుకోవడం

వీలైతే అన్నీ ఒకే మోడల్ కొనండి. తొమ్మిది ఫోన్లు నాలుగు రకాలైతే సెట్టింగులు నాలుగు చోట్ల వెతుక్కోవాలి, ఛార్జర్లు కలవవు. మరీ తక్కువ ర్యామ్ ఉన్న చౌక మోడళ్ళలో కొన్నింటికి ఈ నిర్వహణ సదుపాయాలు పూర్తిగా ఉండవు, అందుకని తొమ్మిదీ ఒకేసారి కొనకుండా ఒకటి కొని, నమోదు చేసి చూసి, తర్వాత ఎనిమిది తీసుకోండి. షాపువాడు బాక్స్ విప్పి "సెటప్ చేసి ఇస్తా సార్" అంటే వద్దనండి.

డబ్బా విప్పకముందే రెండు పనులు. డబ్బా మీద ఐఎంఈఐ నంబర్లు ఉన్న వైపు ఫోటో తీయండి. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లుంటాయి, రెండూ కావాలి. బిల్లు కూడా ఫోటో తీసి, ఏ ఫోన్ ఎవరికిచ్చారో, ఏ సిమ్ వేశారో ఒక షీట్‌లో రాయండి. డబ్బా పారేశారా, ఫోన్‌లో `*#06#` కొడితే నంబర్లు కనిపిస్తాయి, కానీ పోయిన ఫోన్‌లో అది కొట్టలేరు కదా.

సిమ్‌లు సంస్థ పేరు మీదో, మీ పేరు మీదో ఉండాలి. సేల్స్‌మన్ ఆధార్‌తో తీసిన సిమ్ అతనిదే, నెలనెలా రీఛార్జ్ మీరు చేసినా సరే. అతను వెళ్ళిపోయినప్పుడు రావులపాలెం లైన్లో షాపులన్నీ ఆర్డర్లు పంపే నంబర్ కూడా అతనితోపాటే వెళ్ళిపోతుంది. ఫోన్ పోతే పన్నెండు వేలు, నంబర్ పోతే లైనే పోయినట్టు.

రెండో మెట్టు: కన్సోల్, దాని తాళంచెవి

ఫోన్లన్నిటినీ ఒక చోట నుంచి చూసే వెబ్ పేజీని కన్సోల్ అంటారు. మీరు ఇప్పటికే గూగుల్ వర్క్‌స్పేస్ కడుతుంటే ముందు అక్కడ చూడండి. కాకపోతే ఒక మెలిక ఉంది, మామూలు నిర్వహణ అన్ని ప్లాన్లలో ఉంటుంది కానీ యాప్‌లు, ఆంక్షలు గట్టిగా అమలు చేసే అడ్వాన్స్‌డ్ నిర్వహణ కావాలంటే బిజినెస్ ప్లస్ లేదా ఆ పై ప్లాన్ ఉండాలి. ఫోన్ల కోసమే ప్లాన్ మార్చడం తొమ్మిది మందికి దండగ. జోహో వాళ్ళ మేనేజ్‌ఇంజిన్‌లో 25 పరికరాల దాకా ఉచిత ఎడిషన్ ఉంది, బావకి అదే పెట్టాం. వేరేవి కూడా ఉన్నాయి, చిన్న సంఖ్యకి ఏదైనా పనిచేస్తుంది.

జాగ్రత్త పడాల్సింది కన్సోల్ ఎంపికలో కాదు, దాన్ని ఏ ఈమెయిల్‌తో తెరుస్తున్నారన్న దగ్గర. కన్సోల్‌ని గూగుల్ ప్లేకి కలపమని ఒక మెట్టు వస్తుంది, అక్కడ ఒక అకౌంట్ అడుగుతుంది. కంప్యూటర్లు చూసే అబ్బాయి తన సొంత జీమెయిల్ కొట్టేస్తాడు, రెండు నిమిషాల్లో పనైపోతుంది, అతను మానేసిన రోజు తొమ్మిది ఫోన్ల పెత్తనం అతని మెయిల్లో ఉంటుంది. ఒక ఫోన్‌తో జరిగిందే ఇప్పుడు తొమ్మిదింటితో. అందుకని సంస్థ పేరుతో ఒక అకౌంట్ కొత్తగా తెరవండి, రికవరీ నంబర్‌గా మీది పెట్టండి, రెండంచెల లాగిన్ పెట్టండి, గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి బీరువాలో బిల్లుపుస్తకాల పక్కన పడేయండి. కన్సోల్‌లో మీతోపాటు నమ్మకమైన ఇంకొకరికి రెండో అడ్మిన్‌గా హక్కు ఇవ్వండి, ఇంట్లో మనిషైనా సరే.

మూడో మెట్టు: నియమాలు, తక్కువే

కన్సోల్‌లో పాలసీ లేదా ప్రొఫైల్ అనే పేరుతో ఒక పేజీ ఉంటుంది, వందకు పైగా స్విచ్‌లు. కొత్తగా చూసినవాళ్ళకి అన్నీ ఆపేయాలనిపిస్తుంది. బావ మొదటి రోజు కెమెరా ఆపించాడు, "ఫోటోలు తీసుకుంటూ కూర్చుంటారు" అని. మర్నాడు పొద్దున్నే అనపర్తి సేల్స్‌మన్ ఫోన్: "సార్, డ్యామేజీ వచ్చిన స్టాకు ఫోటో పంపమన్నారు కదా, కెమెరానే లేదు." తెరిచాం.

నేను పెట్టేవి ఇవి. ఆరంకెల పిన్ తప్పనిసరి. సెట్టింగుల్లోంచి ఫోన్ చెరిపే వీలు బంద్. ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ ఫైళ్ళు ఎక్కించుకోవడం బంద్, ఎందుకంటే వాట్సాప్‌లో వచ్చే పెళ్ళి కార్డు, ట్రాఫిక్ చలానా పేరుతో ఉన్న ఫైళ్ళు నొక్కి డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్ళు ఎక్కువ ఈ దారిలోనే. సొంత గూగుల్ అకౌంట్ చేర్చడం బంద్. యాప్‌లు మీరు అనుమతించిన జాబితాలోవి మాత్రమే. కన్సోల్‌లో ఎఫ్‌ఆర్‌పీ కోసం విడిగా ఒక చోటుంటుంది, అక్కడ సంస్థ అకౌంట్ పెట్టండి. ఇక ఎవరైనా బటన్లు నొక్కి ఫోన్ చెరిపినా అది మీ అకౌంటే అడుగుతుంది. మొదట చెప్పిన కథ తిరగబడిందన్నమాట.

పది సార్లు పిన్ తప్పు కొడితే ఫోన్ తనంతట తను చెరిగిపోయే నియమం కూడా ఉంటుంది. పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం కానీ సేల్స్‌మన్ ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉండి, ఆదివారం మధ్యాహ్నం నాన్న నిద్రపోతుంటే ఏమవుతుందో ఒకసారి ఊహించుకోండి. నేను పెట్టను, పెడితే ఇరవై దాకా పెంచుతాను.

లొకేషన్ విషయానికొస్తే, కన్సోల్‌లో పనివేళలకే పరిమితం చేసే వీలుంటే అలాగే పెట్టండి, లేకపోతే ఫోన్ పోయినప్పుడే వెతికేలా పెట్టండి. రాత్రి పదకొండింటికి మీ సేల్స్‌మన్ ఎక్కడున్నాడో తెలుసుకుని మీరు చేసేదేమీ లేదు.

నాలుగో మెట్టు: నమోదు

ఒక్క ఫోన్‌తో మొదలుపెట్టండి. ఛార్జ్ సగం పైన ఉండాలి, వైఫై దగ్గర కూర్చోండి.

కన్సోల్‌లో ఎన్‌రోల్‌మెంట్ కింద ఆండ్రాయిడ్, సంస్థ ఫోన్, క్యూఆర్ కోడ్ అని వెతికితే తెర మీద ఒక కోడ్ వస్తుంది. ఫోన్ ఆన్ చేయండి. స్వాగతం అనే మొదటి తెర రాగానే భాష ఎంచుకోకుండా, ఏమీ నొక్కకుండా, ఖాళీగా ఉన్న చోట ఒకే దగ్గర వరసగా ఆరుసార్లు తట్టండి. స్కానర్ తెరుచుకుంటుంది. కొన్ని ఫోన్లు ముందు వైఫై అడుగుతాయి. కోడ్ చూపించండి, ఫోన్ మీ కన్సోల్ ఏజెంట్ యాప్‌ని దింపుకుని, ఈ ఫోన్ సంస్థ నిర్వహణలో ఉంటుందని చెప్పే పేజీ చూపిస్తుంది. ఒప్పుకోండి. ఐదు నుంచి పది నిమిషాలు పట్టొచ్చు, యాప్‌లు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటాయి.

ఆరుసార్లు తట్టినా స్కానర్ రాకపోతే, వేళ్ళు చోటు మారి ఉండొచ్చు, ఇంకోసారి చూడండి. కొన్ని కన్సోళ్ళు క్యూఆర్ బదులు `afw#` తో మొదలయ్యే ఒక మాట ఇస్తాయి, దాన్ని గూగుల్ అకౌంట్ అడిగే చోట మెయిల్ ఐడీకి బదులు కొట్టాలి. తొందరలో మామూలుగా సెటప్ చేసేసి హోమ్ స్క్రీన్ దాకా వెళ్ళిపోయారా, కంగారు లేదు, కానీ అక్కడినుంచి దారి లేదు. సెట్టింగుల్లోకి వెళ్ళి ఫోన్ చెరిపి మళ్ళీ మొదలుపెట్టాలి.

అయిందని ఎలా తెలుస్తుంది? లాక్ స్క్రీన్ మీద `This device belongs to your organization` అనో, మీ సంస్థ పేరుతోనో ఒక లైను ఉంటుంది. దాన్ని నమ్మి ఊరుకోకండి. ఆ ఫోన్‌ని మీరే దొంగలా పరీక్షించండి. సెట్టింగుల్లో ఫోన్ చెరపడానికి చూడండి, కుదరకూడదు. మీ సొంత జీమెయిల్ చేర్చబోండి, ఆపాలి. వాట్సాప్‌లో ఎవరితోనైనా ఒక యాప్ ఫైల్ పంపించుకుని ఎక్కించబోండి, ఆపాలి. తర్వాత కన్సోల్‌లోంచి లాక్ కమాండ్ పంపి తెర ఎన్ని సెకన్లలో ఆరిపోతుందో చూడండి. చివర్లో వైప్ కూడా పంపి, ఫోన్ చెరిగాక మీ అకౌంట్ అడుగుతోందో లేదో చూడండి. కొన్ని కన్సోళ్ళలో వైప్ చేసేటప్పుడు ఎఫ్‌ఆర్‌పీ ఉంచాలా తీసేయాలా అని ఒక టిక్ ఉంటుంది, అది ఇప్పుడే తెలుసుకోవడం మంచిది, ఫోన్ పోయిన రోజు కాదు.

శాంసంగ్ ఫోన్లయితే నాక్స్ మొబైల్ ఎన్‌రోల్‌మెంట్ అని ఉచిత సదుపాయం ఉంది. అందులో ఫోన్‌ని చేర్చి ఉంచితే ఎన్నిసార్లు చెరిపినా సెటప్‌లో తిరిగి మీ కన్సోల్ దగ్గరికే వస్తుంది. గూగుల్ జీరో టచ్ కూడా ఇలాంటిదే, కాకపోతే దాని అధీకృత రీసెల్లర్ దగ్గర కొనాలి, వీధి చివర మొబైల్ షాపులో కుదరదు.

ఇంకొక్కటి. మన దగ్గర దొరికే చాలా ఫోన్లలో బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లని చంపేసే అలవాటుంది. రెండు రోజుల తర్వాత కన్సోల్ చూస్తే సగం ఫోన్లు "చివరిగా కనిపించింది నిన్న" అని ఉంటే కారణం ఇదే. ఏజెంట్ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేసి, ఆటోస్టార్ట్ అనుమతివ్వండి.

ఎండీఎం చేతిలో లేనివి: వాట్సాప్, యూపీఐ

వాట్సాప్ చాట్లు కన్సోల్‌లో కనిపించవు, వాటి బ్యాకప్ కూడా ఎండీఎం చేయదు. మన వ్యాపారాలు సగం అక్కడే నడుస్తాయి కాబట్టి ఇది చేతితో చేయాలి. ప్రతి ఫోన్‌లో వాట్సాప్ బిజినెస్ తెరిచి, టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ మీరే పెట్టండి, రికవరీ మెయిల్‌గా సంస్థది ఇవ్వండి, పిన్ మీ షీట్‌లో రాసుకోండి. పిన్ తెలియక, మెయిల్ కూడా లేకపోతే ఆ నంబర్‌ని కొత్త ఫోన్‌లో తెరవడానికి ఏడు రోజులు ఆగాల్సి రావచ్చు. పండగ ముందు వారం అది భరించలేం.

ఈ సిమ్ నంబర్లని మీ బ్యాంకు అకౌంట్‌కి కలపొద్దు. వసూళ్ళు షాపువాళ్ళు మీ క్యూఆర్‌కి కొట్టాలి, సేల్స్‌మన్ ఫోన్‌లో సంస్థ యూపీఐ ఉండకూడదు. దీనికి కారణం కింద చెప్తాను.

ఐదో మెట్టు: ఫోన్ చేతికిచ్చే రోజు

కడియం సేల్స్‌మన్ పెద్దాయన, ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు. ఫోన్ తీసుకుని మొదట అడిగింది ఇదే: "బాబూ, నేను మా ఆవిడతో మాట్లాడేది ఓనరుగారికి వినిపిస్తదా?" వినిపించదు. కాల్స్, మెసేజీలు, ఫోటోలు కన్సోల్‌లో రావు. వచ్చేవి: ఏ యాప్‌లున్నాయి, ఫోన్ చివరిగా ఎప్పుడు నెట్‌లో ఉంది, అనుమతిస్తే లొకేషన్. కొన్ని కన్సోళ్ళలో దూరం నుంచి తెర చూసే సదుపాయం ఉంటుంది, నేను మూసేసి ఉంచుతాను, మూసేశానని చెప్తాను.

ఇదంతా తెలుగులో ఒక పేజీ రాసి సంతకం తీసుకోండి. ఫోన్ ఐఎంఈఐ, ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు, పోతే ఎంత సేపట్లో చెప్పాలి, పగిలితే ఖర్చు ఎవరిది. "పోతే జీతంలో కోస్తాం" అని మాత్రం రాయకండి. అలా రాస్తే ఫోన్ పోయిన సంగతి రెండు రోజులు దాచి, సొంతంగా వెతుక్కుని, చివరికి చెప్తారు. అప్పటికి మీ కమాండ్ ఏదీ అందుకునే స్థితిలో ఫోన్ ఉండదు.

ఫోన్ పోయిన సాయంత్రం

గత ఏడాది నిజంగానే జరిగింది. రావులపాలెం సేల్స్‌మన్ బస్టాండ్ దగ్గర టీ తాగుతూ ఫోన్ బల్ల మీద పెట్టి, బస్సు వచ్చిందని పరిగెత్తాడు. నాలుగూ నలభైకి పక్కవాళ్ళ ఫోన్ నుంచి బావకి చెప్పాడు. బావకి మొదట తోచింది కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి సిమ్ ఆపించేయడం. అందరికీ అదే తోస్తుంది. నేను ఆగమన్నాను, ఎందుకంటే ఆ ఫోన్‌కి నెట్ వచ్చేది ఆ సిమ్ నుంచే. సిమ్ ఆపేస్తే లాక్ కమాండ్, వైప్ కమాండ్ ఏవీ దానికి చేరవు, కన్సోల్‌లో "పెండింగ్" అని వేలాడుతూ ఉంటాయి.

కాబట్టి ముందు కన్సోల్. నాలుగూ యాభైకి లాక్ పంపాం, లాక్ స్క్రీన్ మీద బావ నంబర్‌తో ఒక సందేశం పెట్టాం. వెళ్ళిపోయింది. లొకేషన్ అడిగితే ఇంకా బస్టాండ్ దగ్గరే చూపించింది. బావ మనిషిని పంపాడు, ఆ మనిషి వెళ్ళేలోపు ఐదూ ఇరవైకి ఫోన్ కదలడం మొదలైంది, ఐదున్నరకి ఆగిపోయింది. అంటే ఎవరో ఆపేశారు. వెంటనే వైప్ పంపాం, ఊహించినట్టే పెండింగ్‌లో ఉండిపోయింది.

అప్పుడు సిమ్ ఆపించాం. ఇక ఆలస్యం ప్రమాదం, ఎందుకంటే సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలు అక్కడికి వస్తాయి. బ్యాంకు ఆ నంబర్‌కి కలిపి లేదు కాబట్టే ఆ నలభై నిమిషాలు ధైర్యంగా ఆగగలిగాం. మీ సిమ్‌కి బ్యాంకు కలిపి ఉంటే ఈ వరస తిరగేయాలి, సిమ్ ముందు, ఫోన్ తర్వాత. వాట్సాప్‌కి టూ స్టెప్ పిన్ ఉంది కాబట్టి సిమ్ దొరికినా చాట్ తెరవలేరు.

మర్నాడు పొద్దున్న స్టేషన్‌లో ఫిర్యాదు, అదే నంబర్‌తో కొత్త సిమ్, ఆ తర్వాత సంచార్ సాథీ పోర్టల్‌లో సీఈఐఆర్ విభాగం. అక్కడ ఐఎంఈఐ, ఫిర్యాదు కాపీ, బిల్లు పెట్టి ఫోన్ బ్లాక్ చేయమని అడగాలి. ఓటీపీ కావాలి కాబట్టి కొత్త సిమ్ ముందు తీసుకోవడమే మేలు. మన షీట్, డబ్బా ఫోటో పనికొచ్చేది ఈ పదినిమిషాల్లో. బ్లాక్ అయ్యాక ఆ ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయదు, వైఫై మీద తప్ప.

వైప్ చేరకపోతే లోపలున్న డేటా సంగతేంటని బావ రెండు రోజులు టెన్షన్ పడ్డాడు. ఈ కాలపు ఆండ్రాయిడ్ ఫోన్లలో నిల్వంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఫోన్ ఆపేసి ఆన్ చేస్తే ఆ ఆరంకెల పిన్ కొట్టేదాకా అది తెరుచుకోదు. నిజానికి ఆ రోజు మన డేటా కాపాడింది వైప్ కాదు, పిన్. సేల్స్‌మన్ దాన్ని ఫోన్ కవర్ లోపల కాగితం మీద రాసి పెట్టుకోలేదని మాత్రం అడిగి తెలుసుకున్నాం.

పన్నెండు రోజుల తర్వాత కన్సోల్‌లో ఆ వైప్ "పూర్తయింది" అని మారింది. ఎవరో ఎక్కడో వైఫైకి కలిపారు. ఫోన్ మాత్రం తిరిగి రాలేదు.

మనిషి మానేసిన రోజు

అతను ఎదురుగా ఉండగానే చేయండి. అతని సొంత ఫోటోలు ఏమైనా ఉంటే తీసుకోనివ్వండి. వాట్సాప్ బిజినెస్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి, అతని ఇంట్లో కంప్యూటరో, సొంత ఫోనో కలిపి ఉంటే మనం చెరిపేది ఈ ఫోన్ మాత్రమే, అక్కడ చాట్లు వస్తూ ఉండొచ్చు. వాటిని తీసేయండి, చాట్ బ్యాకప్ సంగతి చూసుకోండి, పిన్ మార్చండి. ఆర్డర్ల యాప్‌లో అతని లాగిన్ ఆపండి. అప్పుడు వైప్. ఫోన్ లేచి మీ అకౌంటో, మీ కన్సోలో అడిగితే కొత్తతనికి మళ్ళీ క్యూఆర్‌తో నమోదు చేసి ఇవ్వడమే.

ఫోన్ పాతబడి ఎక్స్‌ఛేంజ్‌లో వేసేటప్పుడు మాత్రం ఇదంతా విప్పాలి. కన్సోల్‌లోంచి తీసేయండి, ఎఫ్‌ఆర్‌పీ ఉంచకుండా వైప్ చేయండి, నాక్స్‌లోనో జీరో టచ్‌లోనో ఎక్కించి ఉంటే అక్కడా తొలగించండి. బావ ఒక ఫోన్‌కి ఇది మరిచి అమ్మేశాడు. నాలుగు రోజుల తర్వాత షాపువాడు ఫోన్ చేసి, "సార్, ఇది మీ కంపెనీ పేరు అడుగుతోంది, పాస్‌వర్డ్ చెప్తారా" అన్నాడు.